మైనపు చెంపలు, తీగల కనుబొమలు: రాత్రి ఫొటోల మరమ్మతు

శివరాత్రి రాత్రి ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడి దర్శనానికి వచ్చినవాళ్లను ఫొటో తీయడం కెమెరాకు కష్టమైన పని. అమృతగుండంలో మునిగి వచ్చిన తడి జుట్టు, చెంపల మీద పసుపు, నుదుట విభూతి రేకలు, ఒక పక్క నుంచి దుకాణం ఎల్‌ఈడీ ట్యూబు, వెనక రంగురంగుల సీరియల్ బల్బులు. వెలుగు కొన్నిచోట్ల మరీ ఎక్కువ, కొన్నిచోట్ల దాదాపు లేదు. అయినా కూతురో కొడుకో ఫోన్ ఎత్తి అమ్మను ఒక ఫొటో తీస్తారు. అది అరచేతిలోని తెర మీద బాగానే కనిపిస్తుంది. దాన్ని 12 బై 18 అంగుళాల సైజులో ఫ్రేము కట్టించాలని జహీరాబాద్ స్టూడియోకి తెచ్చినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. చెంపలు మైనం పోసినట్టు నున్నగా, కనుబొమలు ఇనుప తీగల్లా కరకుగా, దవడ వెంట సన్నటి తెల్లగీతతో ఉంటాయి. "అన్నా, ఇది మా అమ్మనే గానీ మా అమ్మ లెక్క లేదు" అంటుంది కూతురు. ఆమె మాటలో తప్పేమీ లేదు.

ఈ లోపాన్ని దిద్దే పద్ధతులు చాలానే వాడుకలో ఉన్నాయి. వాటిలో సగం లోపాన్ని పెంచేవే. నునుపును, కరకుదనాన్ని రెండు వేరు జబ్బులుగా చూడటం వల్లే ఇలా అవుతోంది. చర్మం కరకుగా ఉందని ఒకరు ఇంకా మెత్తన చేస్తారు, నున్నగా ఉందని మరొకరు షార్ప్ పెంచుతారు. నిజానికి రెండూ ఒకే పని ఫలితాలు, కాకపోతే వేర్వేరు పరిమాణాల్లో ఉంటాయి. ఆ పరిమాణాలను విడదీసి చూడగలిగితే మరమ్మతు సగం అయినట్టే.

ముందు ఫోన్ లోపల ఏం జరుగుతుందో చూడాలి. రాత్రి మీట నొక్కినప్పుడు ఫోన్ తీసేది ఒక ఫొటో కాదు, ఒక వరస. గూగుల్ ఇంజినీర్లు 2016లో హెచ్‌డీఆర్ ప్లస్ మీద ప్రచురించిన పరిశోధన పత్రంలో ఈ పద్ధతిని వివరంగా రాశారు. వెలుగు ఉన్న భాగాలు తెల్లగా కాలిపోకుండా కావాలనే తక్కువ ఎక్స్‌పోజర్‌తో కొన్ని ఫ్రేములు తీసి, వాటిని ఒకదాని మీద ఒకటి సరిపెట్టి, సగటు తీసి, తర్వాత చీకటి భాగాలను పైకి లేపుతారు. 2018లో వచ్చిన నైట్ సైట్ ఇదే దారిలో ఇంకా ముందుకు వెళ్లి, ఇంకా ఎక్కువ ఫ్రేములను కలిపింది. సగటు తీస్తే గింజలాంటి చుక్కలు, అంటే నాయిస్, తగ్గుతాయి. తొమ్మిది ఫ్రేములు కలిస్తే నాయిస్ మూడో వంతుకు దిగుతుంది. ఇది మంచి పనే. గుడి గోపురం మీద, రాతి మెట్ల మీద బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

ముఖం మాత్రం రాయిలా కదలకుండా ఉండదు. అమ్మ మాట్లాడుతుంది, రెప్ప వేస్తుంది, గడ్డం కదుపుతుంది. ఫ్రేముల్లో ఏ భాగం సరిపోలకపోతే సాఫ్ట్‌వేర్ ఆ భాగాన్ని సగటులో కలపదు. కలిపితే ముఖం రెండుగా కనిపిస్తుంది మరి. కాబట్టి చెంప, నోటి చుట్టుపక్కల భాగం ఒకటి రెండు ఫ్రేములతోనే మిగిలిపోతాయి. అక్కడ నాయిస్ ఎక్కువ ఉండిపోతుంది. దాన్ని తుడవడానికి సాఫ్ట్‌వేర్ పక్కపక్క పిక్సెళ్లను కలిపి నున్నగా రుద్దుతుంది. ఆ రుద్దుడులో నాయిస్‌తో పాటు చర్మమూ పోతుంది. చామనఛాయ, నలుపు ముఖాలకు ఇది ఇంకొంచెం ఎక్కువ. ఆ చర్మం నుంచి సెన్సరుకు చేరే వెలుగే తక్కువ, వెలుగు తక్కువైతే నాయిస్ ఎక్కువ, నాయిస్ ఎక్కువైతే రుద్దుడు ఎక్కువ. పైగా చాలా ఫోన్లలో ముఖాన్ని గుర్తుపట్టి దాన్ని మాత్రమే నున్నగా, కాస్త తెల్లగా చేసే బ్యూటీ సెట్టింగ్ వేరే ఉంటుంది.

ఇలా నున్నగా అయిన ముఖం మసకగా కనిపిస్తుంది గనుక చివర్లో షార్ప్ పెంచుతారు. షార్ప్ చేయడమంటే అంచు కనబడిన చోట ఒక వైపు వెలుగును, మరో వైపు చీకటిని పెంచడం. చెంప మీద అంచులేమీ మిగలలేదు కాబట్టి అక్కడ ఏమీ జరగదు. కనుబొమ, కనురెప్ప, జుట్టుపాయ, లోతైన ముడత, దవడ గీత మాత్రం రెట్టింపు గట్టిపడతాయి. గోడకంతా సున్నం కొట్టి, దాని మీద బొగ్గుతో నాలుగు గీతలు గీసినట్టుంటుంది ఫలితం.

2018 సెప్టెంబరులో ఐఫోన్ ఎక్స్‌ఎస్ వచ్చినప్పుడు సెల్ఫీల్లో చర్మం మరీ నున్నగా వస్తోందని పెద్ద గొడవ జరిగింది. దాన్ని కొందరు 'బ్యూటీగేట్' అన్నారు. ఆపిల్ చెప్పిన కారణం ఆసక్తికరంగా ఉంది. అక్కడ బ్యూటీ ఫిల్టరేమీ లేదు. ఫ్రేములను కలిపేటప్పుడు ఆధారంగా తీసుకోవాల్సిన స్పష్టమైన ఫ్రేమును కాకుండా కాస్త చెదిరిన ఫ్రేమును స్మార్ట్ హెచ్‌డీఆర్ ఎంచుకుంటోంది. ఆ ఏడాది అక్టోబరు చివర్లో ఐఓఎస్ 12.1తో దాన్ని సరిచేశారు. మనకు ఇందులో పనికొచ్చే విషయం ఒకటుంది. నునుపు ఎప్పుడూ ఎవరో అందం కోసం పూసింది కానక్కర్లేదు, కలపడంలోనే పుట్టవచ్చు. రెండింటినీ వేరుచేసి చూడటం కష్టం కాదు. మెడ, ముంజేయి చర్మం బాగానే ఉండి ముఖం ఒక్కటే నున్నగా ఉంటే బ్యూటీ సెట్టింగ్ పని. కదలని నుదురు బాగుండి, చెంపలు, పెదవుల చుట్టూ మాత్రం మైనంలా ఉంటే అది కదలిక వల్ల ఫ్రేములు కలవకపోవడం. రెండో రకాన్ని దిద్దడం తేలిక, ఎందుకంటే ఆ మనిషి చర్మం ఎలా ఉంటుందో చూపే ముక్క అదే ఫొటోలో మిగిలి ఉంటుంది.

ఇక మరమ్మతు దారులు. వీటిలో మొదటిది, అందరూ దాటేసేది, అసలు ఫైలు అడగడం. స్టూడియోకి వచ్చే ఫొటోల్లో చాలావరకు వాట్సాప్‌లో వచ్చినవే. ఫైలు పేరులో `WA` అని ఉంటే అనుమానించాల్సిందే. మామూలుగా పంపిన ఫొటో పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది, కుదింపు వల్ల అంచుల చుట్టూ కొత్త మరకలు చేరతాయి. అసలు ఫోన్ నుంచి కేబుల్‌తో గానీ, వాట్సాప్‌లోనే డాక్యుమెంట్‌గా గానీ తెప్పించుకుంటే కరకుదనంలో కొంత భాగం ఏ పనీ చేయకుండానే పోతుంది. అదే నిమిషంలో తీసిన మిగతా ఫొటోలు కూడా అడగాలి. ఒక ఫొటోలో అమ్మ కదిలి ఉండొచ్చు, ఇంకోదాంట్లో కదలకుండా ఉండొచ్చు. రా ఫైలు, అంటే సాఫ్ట్‌వేర్ రుద్దని డీఎన్‌జీ, ఉంటే ఇక ఈ వ్యాసంతో పనే లేదు. జాతరలో ఎవరూ రా తీయరు గనుక ఆ ఆశ వదులుకోవచ్చు.

రెండో దారి, ముఖం మీద ఇంకోసారి బ్లర్ కొట్టడం. పెళ్లి ఆల్బముల అలవాటు ఇది. కరకు గీతలు మెత్తబడతాయి, నిజమే. కానీ మైనం ఇంకా చిక్కనవుతుంది. అరవై ఏళ్ల మనిషికి ఇరవై ఏళ్ల చెంపలు పెడితే ఇంట్లోవాళ్లు గుర్తుపట్టరు. లైట్‌రూమ్‌లో 2019లో వచ్చిన టెక్స్చర్ స్లైడరును మైనస్‌లోకి లాగడం దీనికన్నా నయం, ఎందుకంటే అది మధ్యస్థమైన వివరాలనే పట్టుకుని తగ్గిస్తుంది. అయినా మొత్తం ముఖానికి ఒకే లెక్క వేస్తుంది. మన సమస్య ఒకచోట ఎక్కువ, పక్కనే తక్కువ.

ముఖాన్ని మెరుగుపరుస్తామనే యాప్‌ల సంగతి ఒక్క మాటలో ముగించవచ్చు. వేలాది ముఖాలు చూసి నేర్చుకున్న ఆ సాఫ్ట్‌వేర్, పోయిన చోట సగటు ముఖాన్ని గీస్తుంది. రంధ్రాలు, రెప్పవెంట్రుకలు ముచ్చటగా వస్తాయి. ముక్కుపుడక ఆకారం మారుతుంది, పచ్చబొట్టు చుక్క మాయమవుతుంది, కళ్లు కాస్త వేరేవాళ్లవవుతాయి. చిన్న గుంపు ఫొటోలో వెనక వరసకు పనికొస్తుందేమో గానీ, గోడకు కట్టే అమ్మ ముఖానికి పనికిరాదు.

నాకు నమ్మకం ఉన్న దారి పరిమాణాలను విడదీయడం. ఫొటోషాప్‌లో దీన్ని ఫ్రీక్వెన్సీ సెపరేషన్ పేరుతో రెండు పొరలుగా చేస్తారు. ఉచితంగా దొరికే గింప్ 2.10లో ఇంకా వివరంగా ఐదు పొరలుగా చేయవచ్చు. పైన చెప్పిన అమ్మ ఫొటోనే తీసుకుని లెక్క వేద్దాం. ఫొటో 3000 బై 4000 పిక్సెళ్లు, అందులో ముఖం వెడల్పు సుమారు 700 పిక్సెళ్లు. మనిషి ముఖం వెడల్పు రమారమి 14 సెంటీమీటర్లు. అంటే ఒక మిల్లీమీటరుకు ఐదు పిక్సెళ్లు. చర్మరంధ్రం మిల్లీమీటరులో ఐదో వంతో నాలుగో వంతో ఉంటుంది, అంటే ఈ ఫొటోలో అది ఒక్క పిక్సెల్. సన్నటి ముడత రెండు నుంచి ఐదు పిక్సెళ్లు. షార్ప్ వల్ల వచ్చిన తెల్లగీత కూడా దాదాపు ఆ రెండు నుంచి నాలుగు పిక్సెళ్ల వెడల్పులోనే ఉంటుంది.

ఈ చిన్న లెక్క చాలా శ్రమ తప్పిస్తుంది. ఈ సైజు ముఖంలో రంధ్రాలు ఫోన్ బాగా తీసినా సరిగ్గా కనిపించేవి కావు; కాబట్టి వాటిని గీయడానికి కూర్చోనక్కర్లేదు. ఒక్క పిక్సెల్ స్థాయిలో కావలసింది రంధ్రం కాదు, ఖాళీగా లేదన్న భావన. దానికి సన్నటి గ్రెయిన్ చాలు. ముడతలు మాత్రం కాపాడుకోవాలి, వాటి చుట్టూ పేరుకున్న కరకుదనాన్ని తగ్గించాలి.

పని ఇలా సాగుతుంది. ముందు `Image → Precision`లో 16 బిట్‌కు మార్చాలి, లేకపోతే నున్నటి చెంపల మీద మెట్లుమెట్లుగా చారలు వస్తాయి. తర్వాత `Filters → Enhance → Wavelet Decompose` తెరిచి, ఐదు స్కేళ్లతో, ప్రతి స్కేలుకూ మాస్కు పెట్టమనే ఎంపిక టిక్ చేసి నడపాలి. ఫొటో ఐదు వివరాల పొరలుగా, కింద ఒక మసక పొరగా విడిపోతుంది. మొదటి స్కేలులో అతి సన్నటి వివరాలు, ఒక్కో స్కేలు దాటేకొద్దీ రెట్టింపు పెద్దవి ఉంటాయి. అన్నీ కలిపి చూస్తే ఫొటో మొదట ఉన్నట్టే ఉంటుంది. ఇప్పుడు రెండో స్కేలును ఒక్కదాన్నే చూస్తే జబ్బు మొత్తం కళ్లకు కడుతుంది. చెంపలు ఏమీ లేని బూడిదరంగు. కనుబొమలు, దవడ, కంటి కొసన ఉన్న రెండు ముడతలు కోసినట్టు నల్లగా తెల్లగా ఉంటాయి.

రెండో స్కేలు మాస్కు మీద మెత్తటి కుంచెతో దవడ వెంట, కనుబొమల మీద, జుట్టు మొదళ్లలో బూడిదరంగు పూయాలి. సగం బూడిద పూస్తే ఆ పొర బలం సగమవుతుంది. మూడో స్కేలులో ఇంకా తేలికగా, పావు వంతు మాత్రమే తగ్గించాలి. కంటిపాప, రెప్ప అంచు, పెదవుల మధ్య గీత ముట్టుకోకూడదు. ముఖం స్పష్టంగా ఉందని చూసేవాడికి అనిపించేది వాటివల్లే. ఎక్కడ ఆపాలంటే, దవడ వెంట తెల్లగీత పోయి, కనుబొమలో వెంట్రుకలు ఇంకా విడివిడిగా కనిపిస్తున్న చోట. వెంట్రుకలు కలిసిపోయి ముద్దగా అయ్యాయంటే ఒక అడుగు ఎక్కువ వేసినట్టు. తెల్లగీత ఇంకా మొండికేస్తే, పైన `Darken only` మోడ్‌లో కొత్త పొర వేసి, క్లోన్ కుంచెకు `Sample merged` టిక్ పెట్టి, పక్కనున్న చర్మం రంగుతో దాని మీద గీయవచ్చు. అది వెలుగును తగ్గిస్తుందే గాని చీకటిని ముట్టుకోదు, కాబట్టి జుట్టు చెదరదు.

ఇంత చేశాక ముఖం మొదటికన్నా మసకగా కనిపిస్తుంది. చాలామంది ఇక్కడ భయపడి వెనక్కి వెళతారు. వెళ్లనక్కర్లేదు. అయింది సగమే పని, ఖాళీ నింపాల్సి ఉంది. కానీ గ్రెయిన్ ఇప్పుడే వేయకూడదు, అది అన్నిటికన్నా చివరిది.

మధ్యలో వెలుగు, రంగు చూసుకోవాలి. హెచ్‌డీఆర్ చీకటిని పైకి లేపడం వల్ల ముఖం బల్లపరుపుగా అవుతుంది. ట్యూబులైటు ఎడమ నుంచి వచ్చిందని ముక్కు మీద మెరుపు చెబుతోంది, కాని కుడి చెంప కూడా ఎడమ చెంపంత తెల్లగా ఉంది. ఇది అబద్ధపు వెలుగు. మైనంలా అనిపించడంలో దీని వాటా చిన్నదేం కాదు, చర్మం మీద వివరాలెన్ని ఉన్నా నీడ లేని ముఖం బొమ్మలాగే ఉంటుంది. అన్నిటిపైన `Soft light` మోడ్‌లో ఒక పొర పెట్టి, నలుపు కుంచె బలం ఐదు శాతం దాటకుండా, కుడి చెంప వెలుపలి వైపు, గడ్డం కింద, కంటి గుంటల్లో నెమ్మదిగా పూయాలి. ఫొటోను తపాలా బిళ్లంత చేసి చూస్తే ముక్కు ఏ వైపుకు నీడ వేస్తోందో తెలియాలి. తెలిసిందంటే చాలు.

రంగులో మరో చిక్కు. నాయిస్ తుడిచే సాఫ్ట్‌వేర్ వెలుగు చుక్కలకన్నా రంగు చుక్కలను ఇంకా గట్టిగా తుడుస్తుంది. దాంతో పెదవుల ఎరుపు, ముక్కు కొస, చెవి తమ్మెల ఎరుపు చెంపల రంగులో కలిసిపోయి ముఖమంతా ఒకే రంగు అవుతుంది. ఆపైన ఆకుపచ్చ చీర అంచు రంగు మెడ మీదికి కారుతుంది. శివరాత్రి ఫొటోలో మాత్రం మనకు ఒక సాయం దొరుకుతుంది. నుదుటి విభూతి దాదాపు తటస్థమైన తెలుపు, బూడిద. అది పూర్తిగా కాలిపోకుండా ఉంటే వైట్ బ్యాలెన్సుకు ఆ రేకనే ఆధారంగా పెట్టుకోవచ్చు. చెంపల పసుపును మాత్రం రంగు లోపమనుకుని తుడవకూడదు. ఆటో కలర్ నొక్కేవాళ్లు చేసే పని అదే, గుండం స్నానం చేసి పూసుకున్న పసుపు పోయి ముఖం జబ్బు చేసినట్టు పాలిపోతుంది. పెదవులు, చెవి తమ్మెలకు `LCh Color` మోడ్ పొరలో, అదే మనిషి పగటి ఫొటో నుంచి తీసుకున్న రంగును పది పదిహేను శాతం బలంతో పూస్తే చాలు.

చర్మాన్ని అతికించడం కూడా కొందరు చేస్తారు, పగటి ఫొటోలోని నుదురు ముక్కను తెచ్చి చెంపకు. పనిచేస్తుంది, కాని రెండు షరతుల మీద. ముక్క అదే మనిషిది కావాలి, వెలుగు అదే వైపు నుంచి పడాలి. వెలుగు తిరగబడితే ముడతలు గుంటల్లా కాకుండా గట్లలా కనిపిస్తాయి. ఈ ఫొటోలో అమ్మ కదలని నుదురు కాస్త నయంగా మిగిలింది కాబట్టి, దాని మొదటి, రెండో స్కేళ్ల ముక్కనే చెంప మీదికి క్లోన్ చేయవచ్చు. కింద ఉన్న మసక పొర మారదు గనుక రంగు, వెలుగు చెంపవే ఉంటాయి, అల్లిక మాత్రం నుదురు నుంచి వస్తుంది. అదే ముక్కను రెండుసార్లు అద్దితే మాత్రం కన్ను వెంటనే పట్టేస్తుంది.

ఇప్పుడు సైజు. 12 బై 18 ప్రింటుకు కత్తిరిస్తే 2667 బై 4000 పిక్సెళ్లు మిగులుతాయి, అంటే అంగుళానికి 222. ల్యాబు 300 అడుగుతుంది కాబట్టి 3600 బై 5400కు పెంచాలి. గ్రెయిన్ ఈ పెంపు తర్వాతే వేయాలి. ముందే వేస్తే అది కూడా సాగి మచ్చలుగా తేలుతుంది. 50 శాతం బూడిద పొరను `Grain merge` మోడ్‌లో పెట్టి, రంగులేని నాయిస్ చల్లి, 0.7 పిక్సెళ్ల గాసియన్ బ్లర్ ఇచ్చి, ఒపాసిటీ పది దగ్గర మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. బ్లర్ ఇవ్వకపోతే ఒక్క పిక్సెల్ చుక్కలు 300 ప్రింటులో కనిపించకుండా పోతాయి. ముఖానికి మాత్రమే వేయడం పొరపాటు. ముఖానికి గింజ ఉండి చీరకు, వెనక గోడకు లేకపోతే ముఖం కత్తిరించి అతికించినట్టు ఉంటుంది. ఫొటో అంతటా పలుచగా వేసి, చెంపల మీద ఇంకొంచెం, మెరుపుల మీద తక్కువ ఉండేలా మాస్కు చేయాలి.

ఫోన్‌లోనే నివారించుకోవడం గురించి చెప్పేది తక్కువే. బ్యూటీ సున్నాకు పెట్టాలి. నైట్ మోడ్ ఆపి, మనిషిని దుకాణం ట్యూబు వైపు రెండడుగులు జరపాలి. వెలుగు రెట్టింపు అయితే సాఫ్ట్‌వేర్‌కు రుద్దే అవసరం అంత తగ్గుతుంది. ఆండ్రాయిడ్‌లో ఉచిత ఓపెన్ కెమెరా యాప్ సెట్టింగుల్లో నాయిస్ తుడుపును, అంచుల షార్ప్‌ను ఆపే వీలుంది, ఫోన్ తయారీదారు ఆ తలుపు తెరిచి ఉంచితే. ఐఫోన్‌లో హాలైడ్ యాప్ 2024లో ప్రాసెస్ జీరో తెచ్చింది. హెచ్‌డీఆర్ ప్లస్ వెనక ఉన్న మార్క్ లెవాయ్ తర్వాత అడోబీలో చేరారు, అక్కడి నుంచి 2025లో వచ్చిన ప్రాజెక్ట్ ఇండిగో యాప్ తక్కువ రుద్దుడునే గొప్పగా చెప్పుకుంటుంది. రుద్దడం మొదలుపెట్టినవాళ్లే వెనక్కి తగ్గుతున్నారు.

ఫోన్ ఏ ఎత్తులో పట్టామన్నదీ ముఖ్యమే. ఝరాసంగం మండలంలోని మాచనూరులో 2008 నుంచి సంఘం రేడియో నడుస్తోంది. దాన్ని నడిపే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలే అంతకు ముందు నుంచి వీడియో కెమెరాలూ పట్టారు, మనిషి కళ్ల ఎత్తులో కెమెరా పెట్టి తీసేదానికి సంఘం షాట్ అని పేరు పెట్టుకున్నారు. జాతరలో కూర్చున్న అమ్మను నిలబడి పై నుంచి తీసే కొడుకులు ఆ ఒక్క పని చేసినా, కూర్చుని ఎదురుగా తీసినా, ముఖం ఫొటోలో ఇంకాస్త పెద్దగా వస్తుంది, మిల్లీమీటరుకు ఐదు పిక్సెళ్ల చోట ఏడో ఎనిమిదో దొరుకుతాయి.

పెద్ద ప్రింటుకు ముందు ఒక పరీక్ష తప్పదు. ముఖం మాత్రమే పడేలా, పెద్దది చేయకుండా, అసలు సైజులోనే 4 బై 6 కాగితం మీద ఒక ముక్క వేయించాలి. తెర వెనక నుంచి వెలుగునిస్తుంది, కాగితం ఇవ్వదు. తెర మీద సరిపోయిన గ్రెయిన్ కాగితం మీద సగానికి తగ్గినట్టు అనిపిస్తుంది, మ్యాట్ కాగితమైతే ఇంకా. గోడ మీది ఫొటోను చూసే దూరంలో, మూడు నాలుగు అడుగుల నుంచి ఆ ముక్కను చూడాలి. గింజలు విడిగా కనబడితే ఎక్కువ, చెంపలు ఇంకా మెరుస్తుంటే తక్కువ. ఒపాసిటీ రెండు మూడు అంకెలు మార్చి ఇంకో ముక్క వేయించి, అప్పుడు కూతుర్ని పిలిచి చూపించాలి.